పత్తి ఎంత, మొక్కజొన్న ఎంత? గ్రాఫు చెప్పే జవాబు

ఒక రైతుకు 10 ఎకరాల పొలం ఉందనుకుందాం. పత్తికి ఎకరాకు 40 మంది కూలీలు, మొక్కజొన్నకు 20 మంది కావాలి. సీజను మొత్తానికి దొరికేది 280 మందే. ఖర్చులు పోను పత్తి ఎకరాకు 15,000 రూపాయలు, మొక్కజొన్న 10,000 మిగులుస్తాయి. పత్తిలోనే మిగులు ఎక్కువ కదా అని పొలమంతా పత్తి వేస్తే 400 మంది కూలీలు కావాలి. అంతమంది దొరకరు. మరి ఏది ఎంత వేయాలి?

పత్తి x ఎకరాలు, మొక్కజొన్న y ఎకరాలు అనుకుంటే భూమి హద్దు x + y ≤ 10. కూలీల హద్దు 40x + 20y ≤ 280, అంటే 2x + y ≤ 14. రెండు పంటలూ సున్నాకు తగ్గవు. పెంచాల్సిన మొత్తం 15,000x + 10,000y.

గ్రాఫు కాగితం మీద మొదటి హద్దుకు (10, 0), (0, 10) కలుపుతూ, రెండోదానికి (7, 0), (0, 14) కలుపుతూ గీతలు గీయాలి. గీతకు ఏ వైపు మనకు కావాలో (0, 0)తో పరీక్షిస్తే తెలుస్తుంది. ఇక్కడ రెండు హద్దులకూ ఆ బిందువు సరిపోతుంది కాబట్టి మూలబిందువు ఉన్న వైపే తీసుకోవాలి. అన్ని షరతులకూ ఒప్పే ఉమ్మడి భాగమే సాధ్య ప్రాంతం. దాని మూలలు నాలుగు: (0, 0), (7, 0), (0, 10), గీతలు రెండూ కలిసే చోటు. ఆ చోటును కంటితో అంచనా వేయకూడదు. ఒక సమీకరణంలోంచి మరొకటి తీసేస్తే x = 4, అప్పుడు y = 6.

మూలలే ఎందుకు? ఒకే లాభం ఇచ్చే బిందువులన్నీ ఒక సరళరేఖ మీద ఉంటాయి. లాభం పెరిగేకొద్దీ ఆ రేఖ తన వాలు మార్చుకోకుండా బయటికి జరుగుతుంది. అలా జరుగుతూ అది ప్రాంతాన్ని చివరిసారి తాకేది మూల దగ్గరే. కాబట్టి మూలల్లో లాభం చూస్తే చాలు: వరుసగా 0, 1,05,000, 1,00,000, (4, 6) దగ్గర 1,20,000. నాలుగు ఎకరాల పత్తి, ఆరు ఎకరాల మొక్కజొన్న వేయడమే మేలు.

విద్యార్థులు తప్పేది (10, 0), (0, 14)లను కూడా మూలలుగా లెక్కించడంలో. అక్కడ లాభం 1,50,000, 1,40,000 అని వస్తుంది. అంకె పెద్దదే గానీ, మొదటిదానికి కూలీలు చాలరు, రెండోదానికి భూమి చాలదు. ప్రతి మూలనూ అన్ని షరతుల్లోనూ పెట్టి చూస్తే ఈ పొరపాటు జరగదు.

ధరలు మారితే? మొక్కజొన్న మిగులు 10,000 దగ్గరే ఉంటే, పత్తి మిగులు 10,000కూ 20,000కూ మధ్య ఎక్కడున్నా (4, 6)దే పైచేయి. సరిగ్గా 20,000 అయితే లాభరేఖ కూలీల గీతకు సమాంతరమవుతుంది. అప్పుడు (4, 6), (7, 0) రెండూ 1,40,000 ఇస్తాయి, వాటి మధ్య గీత మీది ప్రతి బిందువూ అంతే ఇస్తుంది. 20,000 దాటితే (7, 0)కు మారాలి. అంటే మూడెకరాలు బీడు పెట్టి, ఉన్న కూలీలందరినీ పత్తిలోకే దించడం లాభం.