ఫ్యాన్ తిరుగుతోంది.. గాలి మాత్రం పోవడం లేదు: సాల్మియా నుంచి ఒక ఈమెయిల్

కువైట్‌లో చదువుకుంటూ సాల్మియాలో చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోగేది కానీ, స్నానం చేసి గంట గడిచినా అద్దం మీద ఆవిరి పోయేది కాదు. పైకప్పు మూలల్లో నల్లటి బూజు మొదలైంది. కవర్ తీసి తుడుద్దామంటే అది కదల్లేదు. మా కంటే ముందు గోడలకు రంగు వేసినవాళ్లు కవర్ అంచు మీదుగా వేసేశారు. రంగు ఎండి కవర్, గోడ ఒకటైపోయాయి. సముద్రం పక్కనే కాబట్టి రెండు స్క్రూలూ తుప్పు పట్టాయి.

మొదట "ఫ్యాన్ పనిచేయడం లేదు" అని మెసేజ్ పెట్టాను. హారిస్ ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చాడు. స్విచ్ వేశారు, ఫ్యాన్ తిరిగింది, బాగానే ఉందని వెళ్లిపోయారు. తప్పు నాదే. చెడింది ఫ్యాన్ కాదు, కవర్.

అప్పుడు ఒక పరీక్ష చేశాను. ఫ్యాన్ వేసి, టిష్యూ పేపర్‌ను కవర్‌కు ఆనించి వదిలాను. గాలి లాగుతుంటే పేపర్ అంటుకుని ఉండాలి. నాది కింద పడింది. దాన్ని వీడియో తీసి, ప్రాపర్టీ మేనేజర్‌కు ఇంగ్లీషులో ఈమెయిల్ రాశాను. దాని సారం ఇది:

"సర్, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి లాగడం లేదు. కవర్ రంగుతో గోడకు అతుక్కుంది, స్క్రూలు తుప్పు పట్టాయి. నేను చేత్తో ఒకసారి లాగి చూశాను, పనిముట్లేవీ వాడలేదు. ఇప్పటికి కవర్ పగల్లేదు. ఫొటోలు, వీడియో జత చేశాను. కరెంటు ఆపి, కవర్ తీసి, లోపల శుభ్రం చేయించగలరు. తీసేటప్పుడు విరిగితే కొత్తది మీరే వేయించాలని కోరుతున్నాను. శనివారం రోజంతా ఇంట్లో ఉంటాను."

ఇందులో ముఖ్యమైన వాక్యం "ఇప్పటికి కవర్ పగల్లేదు" అన్నదే. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. మనం స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే పట్టు కొక్కేలు విరుగుతాయి, ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు. కవర్ వెనకే కరెంటు వైర్లు కూడా ఉంటాయి.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి ముందు బ్రేకర్ దించాడు. కవర్ చుట్టూ రంగు గీతను బ్లేడుతో కోశాడు, స్క్రూలకు నూనె పట్టించి పావుగంట ఆగాడు. అయినా ఒక మూల విరిగింది. లోపల దుమ్ము, తడి కలిసి దుప్పటిలా పేరుకుంది. గాలి ఆడక మోటారు కూడా వేడెక్కి ఉంది.

వారంలో కొత్త కవర్ వచ్చింది, నా దగ్గర ఒక్క ఫిల్స్ కూడా తీసుకోలేదు. బూజు మాత్రం నేనే తుడుచుకున్నాను. ఈమెయిల్‌లో దాని సంగతి రాయడం మర్చిపోయాను మరి.