పొలం ఎక్కడికీ పోలేదు

"నాన్నా, నా పొలం వెనక్కి పోయింది," అంటూ మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. హాస్టల్లో వారం రోజులు నెట్ లేకపోయినా స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుతూనే ఉంది. ఇంటికొచ్చి డెస్క్‌టాప్‌లో తెరిస్తే, కోసి అమ్మేసిన గుమ్మడికాయలు చేలోనే కనిపించాయట. ల్యాప్‌టాప్ తెరిచి మా ఇంటి వైఫై కలిపితే స్టీమ్ ఒక ప్రశ్న వేసింది. ఈ కంప్యూటర్లో ఒక సేవ్ ఉంది, క్లౌడ్‌లో ఇంకొకటి ఉంది, ఏది ఉంచాలి? రెండింటి పక్కనా తేదీ, సమయం ఉన్నాయి.

"ఏది కొత్తదైతే అది నొక్కెయ్యక్కా," అన్నాడు వాళ్ల తమ్ముడు. నేను ఆపాను. ఆ తెరమీద కనిపించే సమయం ఫైలును చివరగా మార్చిన సమయం మాత్రమే. ఆట ఎంత ముందుకు వెళ్లిందో అది చెప్పదు. ఇక్కడ క్లౌడ్ కాపీయే కొత్తది, కానీ ఆటలో అదే వెనకబడి ఉంది.

అసలు జరిగింది ఇదీ. ఆటలో శరదృతువు 12వ తేదీ దాకా డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, క్లౌడ్ మూడూ ఒకేలా ఉన్నాయి. అక్కడినుంచి అమ్మాయి నెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లో 18వ తేదీ ఉదయం దాకా ఆడింది. ఆ ఆరు రోజులూ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి, స్టీమ్ వాటిని పైకి పంపలేకపోయింది. శనివారం నాడు తమ్ముడు డెస్క్‌టాప్‌లో అదే పొలం తెరిచి, మొక్కలకు నీళ్లు పెడదామని 15వ తేదీ దాకా ఆడేశాడు. డెస్క్‌టాప్‌కి నెట్ ఉంది కాబట్టి అది క్లౌడ్‌కి చేరింది. ఒకే 12వ తేదీ నుంచి రెండు దారులు చీలాయి. వాటిని కలిపి ఒకటి చేయడం స్టీమ్‌కి రాదు. ఒకటి ఉంచుకుని ఇంకొకటి వదులుకోవాల్సిందే. పైగా ఆ ఎంపిక ఒక్క పొలానికి కాదు, ఆ ఆట తాలూకు సేవ్‌లన్నిటికీ వర్తిస్తుంది.

అందుకని ముందు Cancel నొక్కించాను. ఆ ప్రశ్నకు తొందరేమీ లేదు, ఆట మొదలుపెట్టబోతే మళ్లీ అడుగుతుంది. ఈలోగా రెండు కాపీలూ మన చేతిలోకి తెచ్చుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆట ప్రోగ్రాం ఒక చోట, మనం ఆడిన ఆట ఇంకో చోట ఉంటాయి. స్టీమ్‌లో ఆట తీసేసినప్పుడు పోయేది ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్. స్టార్‌డ్యూ వ్యాలీ సేవ్‌లు అక్కడ ఉండవు. విండోస్‌లో విండోస్ కీ, R కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఇది టైప్ చేస్తే అవి ఉన్న చోటు తెరుచుకుంటుంది:

```
%AppData%\StardewValley\Saves
```

మ్యాక్‌లో, లైనక్స్‌లో అయితే:

```
~/.config/StardewValley/Saves
```

ఆట తీసేసి మళ్లీ వేసుకున్నా, అప్‌డేట్ వచ్చినా ఈ ఫోల్డర్ జోలికి ఎవరూ రారు. విండోస్‌నే ఫార్మాట్ చేస్తే మాత్రం ఇదీ పోతుంది. షాపులో సిస్టమ్ ఇచ్చేటప్పుడు "ఫొటోలు, డాక్యుమెంట్లు కాపీ చేసి పెట్టండి" అంటాం. AppData దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి అది ఎవరి కంటా పడదు.

లోపల ఒక్కో పొలానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ఆటగాడి పేరు, అండర్‌స్కోర్, ఒక పెద్ద సంఖ్య, ఇదే దాని పేరు. మా అమ్మాయి ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి "ల్యాప్‌టాప్" అని పేరు పెట్టాం. క్లౌడ్ కాపీ కోసం బ్రౌజర్‌లో స్టీమ్‌లోకి లాగిన్ అయి ఈ పేజీ తెరిచాం:

```
https://store.steampowered.com/account/remotestorage
```

మన ఖాతాలో క్లౌడ్‌లో దాచిన ఫైళ్లన్నీ ఆటల వారీగా ఇక్కడ కనిపిస్తాయి, ఒక్కొక్కటే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈ పేజీ గురించి తెలిస్తే ఎంతమంది కంగారు తగ్గేదో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పోల్చడం. ప్రతి పొలం ఫోల్డర్లో SaveGameInfo అనే చిన్న ఫైలు ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అక్షరాలన్నీ ఒకే గుట్టగా కనిపిస్తాయి, భయపడక్కర్లేదు. Ctrl, F నొక్కి dayOfMonthForSaveGame అని వెతికితే ఆటలో తేదీ దొరుకుతుంది. seasonForSaveGame ఋతువు చెబుతుంది. వసంతం 0 నుంచి మొదలై శీతాకాలం 3 వరకూ ఉంటుంది కాబట్టి శరదృతువుకి 2. నేను ఎక్కువ నమ్మేది millisecondsPlayed. ఆడిన మొత్తం సమయాన్ని సెకనులో వెయ్యో వంతుల లెక్కన అందులో రాసి ఉంచుతుంది. 36,00,000తో భాగిస్తే గంటలు వస్తాయి. ల్యాప్‌టాప్ ఫైల్లో 18వ తేదీ, 154800000 ఉన్నాయి, అంటే 43 గంటలు. క్లౌడ్ ఫైల్లో 15వ తేదీ, 149400000, అంటే నలభై ఒకటిన్నర గంటలు. ఇక సందేహం లేదు. ఆట మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఈ కంప్యూటర్లోని సేవ్‌నే ఎంచుకుంది. గుమ్మడికాయల డబ్బు జేబులోనే ఉంది.

అప్పటికే తప్పు బటన్ నొక్కేసి ఉంటే? పక్కన దాచుకున్న కాపీ ఉంటే సరే, కానీ దాన్ని ఊరికే Saves లో పెడితే స్టీమ్ ఆట మొదలయ్యే ముందు క్లౌడ్‌లోది దించి దాని మీద రాసేయవచ్చు. ముందు స్టీమ్‌లో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి Properties లో ఆ ఆటకు క్లౌడ్ ఆపేయాలి. కాపీ పెట్టి, ఆట తెరిచి, పొలం సరిగ్గా ఉందని చూసుకుని మూసేయాలి. తర్వాత క్లౌడ్ మళ్లీ పెట్టి, ప్రశ్న వస్తే ఈ కంప్యూటర్లోదే ఎంచుకోవాలి. కాపీ ఏదీ లేకపోతే పొలం ఫోల్డర్లోనే చివర _old అని ఉన్న రెండు ఫైళ్లు చూడండి. అవి అంతకు ముందు రోజు సేవ్. వాటి పేర్లలోంచి _old తీసేసి అసలు ఫైళ్ల స్థానంలో పెడితే ఆ సేవ్ తెరుచుకుంటుంది. అంతకుమించి వెనక్కి ఆట తనంతట తాను ఏమీ దాచదు.

ఒక రోజు మాత్రమే పోయిందంటే అది క్లౌడ్ తప్పు కాకపోవచ్చు. కంప్యూటర్లో ఈ ఆట సేవ్ అయ్యేది ఆటలో రోజు ముగిసినప్పుడే. మధ్యాహ్నం మూసేస్తే ఆ పూట పని ఎక్కడా ఉండదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కథ తలకిందులు. అక్కడ సేవ్‌లు ఆ యాప్‌కి కేటాయించిన ఫోల్డర్లోనే ఉంటాయి, యాప్ తీసేస్తే దాంతోపాటే పోతాయి. స్టీమ్ క్లౌడ్‌కీ దానికీ సంబంధం లేదు. అప్‌డేట్ మామూలుగా వాటిని ముట్టుకోదు. అప్‌డేట్ తర్వాత ఆట తెరుచుకోవడం లేదని తీసేసి మళ్లీ వేసుకుంటారు చూడండి, పొలం పోయేది అప్పుడే. సెట్టింగ్స్‌లో క్యాష్ తుడిస్తే ఫరవాలేదు, పక్కనే ఉండే డేటా తుడిచే బటన్ నొక్కితే మాత్రం తీసేసినట్టే. ఆండ్రాయిడ్ 11 నుంచి Android/data లోపలికి ఫోన్‌లోని ఫైల్ మేనేజర్లను మామూలుగా రానివ్వరు. చాలా ఫోన్లలో కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే కనిపిస్తుంది. యాప్ తీసేసే ఆలోచన వస్తే ముందు ఆ కేబుల్ వెతకండి.

మా అమ్మాయి ఆదివారం రాత్రి ఆట మూసి, ల్యాప్‌టాప్ మూత వెంటనే దించలేదు. స్టీమ్‌లో ఆట పేజీలో క్లౌడ్ పక్కన Up to date అని కనిపించే దాకా ఆగింది. పక్క గదిలోంచి తమ్ముడు డెస్క్‌టాప్ తెరిచి, "అక్కా, పద్దెనిమిదో తేదీ వచ్చింది," అని కేకేశాడు.