అద్దె బ్యాంకులో, రసీదు చేతిలో

హైదరాబాదులో పెద్ద అపార్టుమెంట్ల సంగతి ఎలా ఉన్నా, ఇంటివాళ్లు కింద ఉండి పైపోర్షన్ కిరాయికిచ్చే ఇళ్లలో అద్దెను నెల మొదటివారంలో నోట్లుగా చేతిలో పెట్టడం ఇంకా మామూలే. అలాంటి ఇంట్లో ఉన్నవారు ఒకరోజు ఓనర్‌ను రెండు కోరికలు కోరతారు. అద్దె ఇకమీదట అకౌంటుకు పంపుతామనేది మొదటిది. అందినట్టు ప్రతినెలా రాసివ్వాలనేది రెండోది. మొదటిది ఉంటే రెండోది ఎందుకని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రెండూ వేర్వేరు విషయాలకు రుజువులు.

ఫలానా తేదీన ఫలానా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు ఇంత డబ్బు వెళ్లిందని బ్యాంకు స్టేట్‌మెంటు చెబుతుంది. అది ఏ నెల అద్దె, అందులో మెయింటెనెన్స్ ఎంత, పాత బాకీకి ఏమైనా జమకట్టారా అన్నది అందులో తేలదు. ఆ మాట చెప్పాల్సింది పుచ్చుకున్నవారే.

ఒక ఉదాహరణ చూస్తే ఇది తెలుస్తుంది. అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500, మొత్తం 17,500 రూపాయలు. ఏప్రిల్ నుంచి అద్దె వెయ్యి పెంచుతామని ఓనర్ మెట్ల మీద ఎదురైనప్పుడు నోటిమాటగా అన్నారు. కిరాయిదారు 'చూద్దామండి' అన్నారు. ఆ తర్వాత కూడా నెలనెలా 17,500 వెళుతూనే ఉంది. పెంపు వాయిదా పడిందని కిరాయిదారు అనుకున్నారు. అద్దె 17,000 అందిందని, మెయింటెనెన్స్‌లో వెయ్యి తగ్గిందని ఓనర్ లెక్క రాసుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి 8,000 కోత పడింది. బ్యాంకు స్టేట్‌మెంటు తీసి చూపిస్తే అందులో ఉన్న అంకె ఇద్దరి లెక్కకూ సరిపోతుంది. 'ఏప్రిల్ అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500 అందినవి' అని మొదటి నెలలోనే ఒక్క వాక్యం రాసి ఉంటే తేడా అప్పుడే బయటపడేది, వెయ్యి రూపాయల దగ్గరే మాట్లాడుకునేవారు.

డబ్బు పంపేటప్పుడు రిమార్క్స్ గడిలో రాసే మాటకు చట్టంలో కూడా విలువ ఉంది. ఒకరికి రెండు మూడు బాకీలు ఉన్నప్పుడు, ఇచ్చేవారు ఇది ఫలానా బాకీకని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవారు దాన్ని ఆ బాకీకే జమకట్టాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ చెబుతుంది. ఏమీ చెప్పకుండా ఇస్తే ఏ బాకీకి జమకట్టాలో ఎంచుకునే వీలు 60వ సెక్షన్ ప్రకారం పుచ్చుకున్నవారికి వస్తుంది. కాబట్టి ఆ గడిని ఖాళీగా వదలకుండా 'ఏప్రిల్ అద్దె' అని రాయడం మంచిది. అద్దెను, మెయింటెనెన్స్‌ను విడివిడిగా పంపితే ఇంకా స్పష్టంగా ఉంటుంది.

ఇక ఓనర్లు ఎందుకు వద్దంటారన్నది. కారణం ఎక్కువసార్లు ఆదాయపు పన్ను. డబ్బు ఖాతాలో పడితే నోటీసు వస్తుందన్న భయం పెద్దవయసువారిలో చాలా ఉంటుంది. అద్దె నగదుగా వచ్చినా అది ఆదాయమే, దాన్ని చూపించాల్సిందే. అయితే ఆ ఆదాయం మీద నిజంగా పన్ను పడుతుందా అన్నది లెక్కవేసి చూడాల్సిన సంగతి. నెలకు 16,000 చొప్పున ఏడాదికి 1,92,000. ఓనర్ కట్టిన ఇంటిపన్ను 4,000 అనుకుంటే అది తీసేయగా 1,88,000. ఇందులో మరమ్మతులు చేయించినా చేయించకపోయినా 30 శాతం, అంటే 56,400, చట్టమే మినహాయిస్తుంది. మిగిలేది 1,31,600. ఆ ఓనర్‌కు నెలకు 35,000 పింఛను వస్తోందనుకుందాం. ఏడాదికి 4,20,000. రెండూ కలిపితే 5,51,600. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. ఆమె రిటర్ను మాత్రం వేయాలి.

ఈ లెక్క అందరికీ వర్తించదు. నాలుగైదు పోర్షన్ల అద్దెలో, మంచి జీతమో, దుకాణమో ఉన్న ఓనర్‌కు నిజంగానే పన్ను పడుతుంది. అలాంటివారు బ్యాంకు ద్వారా అయితే అద్దె పెంచుతామని అనవచ్చు. తన ఆదాయం మీద పన్ను కట్టడం ఓనర్ బాధ్యతే, దాన్ని కిరాయిదారు మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ అగ్రిమెంటు గడువు తీరి మళ్లీ రాసుకునే సమయంలో ఎంత అద్దె అడగాలన్నది ఓనర్ ఇష్టం కాబట్టి, ఈ మాట అక్కడ బేరంలోకి వస్తుంది.

పన్ను కాకుండా వేరే భయాలూ ఉంటాయి. అకౌంటు నంబరు చెబితే డబ్బు పోతుందని కొందరు అనుకుంటారు. డబ్బు వేయడానికి ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చాలు. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదని ముందే చెబితే వారికి ధైర్యం వస్తుంది. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే ఎవరి ఖాతాలో వేయాలన్న పేచీ ఉంటుంది. అది వాళ్లు తేల్చుకుని రాసివ్వాల్సిందే.

అడగడానికి మంచి సమయం పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు. మధ్యలో అడగాల్సివస్తే అద్దె తేదీకి పదిరోజుల ముందు అడగాలి. డబ్బు చేతిలో పట్టుకుని వెళ్లి అప్పుడు చెబితే మెలిక పెడుతున్నారని అనిపిస్తుంది. మాట ఇలా ఉండవచ్చు: 'ఆంటీ, వచ్చే నెల నుంచి అద్దె మీ అకౌంటుకే వేస్తానండి. ఒకటో తారీఖుకల్లా పడిపోతుంది, మీరు ఎదురుచూడక్కర్లేదు. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకు రసీదులు అడుగుతున్నారు. నేనే రాసి తెస్తాను, మీరు సంతకం పెడితే చాలు.' ఇందులో ఓనర్‌కు పని పెరగలేదు. అడుగుతున్నది నమ్మకం లేక కాదని కూడా తెలుస్తుంది.

హెచ్‌ఆర్‌ఏ మాట నిజమైతేనే చెప్పాలి, దాని పర్యవసానం కూడా చెప్పాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికే ఈ మినహాయింపు ఉంది. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే, అంటే నెలకు 8,333 మించితే, ఓనర్ పాన్ నంబరును ఉద్యోగి తన కంపెనీకి ఇవ్వాలి. అంటే ఆ అద్దె సంగతి పన్నుశాఖకు తెలుస్తుంది. ముందు చెప్పకుండా పాత అగ్రిమెంటు జిరాక్సులోంచి పాన్ తీసి వాడుకుంటే మంచి ఓనర్‌తో కూడా సంబంధం చెడుతుంది. నెల అద్దె 50,000 దాటే ఇళ్లలో అయితే కిరాయిదారే 2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి.

ఓనర్ ఒప్పుకున్నాక ఖాతా వివరాలు వారి ఫోను నుంచే మెసేజిగానో, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోగానో తీసుకోవాలి. మొదట ఒక రూపాయి పంపి, అందిందని వారు చెప్పాక మిగతాది పంపడం భద్రం. ఖాతా కొడుకు పేరునో కోడలి పేరునో ఉంటే, 'మా అద్దె ఈ ఖాతాలో వేయండి, అది నాకు అందినట్టే' అని ఓనర్ చేత రాయించుకోవాలి. లేకపోతే రేపు తగాదా వస్తే అద్దె తనకు అందలేదని ఓనర్ అనవచ్చు. ఆస్తి పంపకాలు జరిగే ఇళ్లలో ఇలాంటి చిక్కులు తెలిసినవే. ఖాతా మారిందంటూ కొత్త నంబరు నుంచి మెసేజి వస్తే, ఓనర్‌ను ముఖాముఖిగానో పాత నంబరుకు ఫోను చేసో అడగకుండా పంపకూడదు.

రసీదు పెద్ద పత్రం కానక్కర్లేదు. కిరాయిదారు పేరు, ఇంటి నంబరు, ఏ నెల, అద్దె ఎంత, మెయింటెనెన్స్ ఎంత, ఏ తేదీన ఎలా అందింది, లావాదేవీ రెఫరెన్సు నంబరు, ఓనర్ సంతకం ఉంటే చాలు. నెలనెలా సంతకం కుదరనిచోట వాట్సాప్ పనికొస్తుంది. డబ్బు పంపగానే కిరాయిదారు, 'ఏప్రిల్ అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,500 పంపానండి, అందినట్టు చెప్పగలరు' అని రాస్తే, ఓనర్ 'అందింది' అంటారు. మూడు నెలలకోసారి వాటన్నిటికీ కలిపి కాగితం మీద సంతకం తీసుకోవచ్చు. బొటనవేలు బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకునే ఓనర్ల దగ్గర ఈ కాగితం తప్పనిసరి.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో తెలిసి ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చి, ఇప్పుడు తెలంగాణలో ఉన్న అద్దె నియంత్రణ చట్టం 8వ సెక్షన్ ఈ విషయం గురించే. అద్దె కట్టినవారికి సంతకంతో రసీదు పొందే హక్కు ఉందని అది చెబుతుంది. ఓనర్ అద్దె పుచ్చుకోకుండా తప్పించుకుంటే, ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని కిరాయిదారు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. చెప్పకపోతే మనియార్డరు చేయాలి, అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమచేయవచ్చు. కానీ నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. అంటే ఇవాళ హైదరాబాదులో దాదాపు ప్రతి కుటుంబం ఉంటున్న ఇల్లూ దీని బయటే ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కట్టిన అద్దెకు బ్యాంకు ఇచ్చే ధ్రువీకరణే తిరుగులేని రుజువని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

అందుకే ఈ రెండు కోరికలూ అగ్రిమెంటులోకి ఎక్కాలి. 'కిరాయిదారు ప్రతినెలా 5వ తేదీలోగా అద్దెను ఈ కింది ఖాతాకు పంపవలెను. అందిన మూడు రోజుల్లో ఓనర్ రసీదు గానీ ఫోను మెసేజి గానీ ఇవ్వవలెను. ఖాతా మార్పును లిఖితపూర్వకంగానే తెలపవలెను' అని రాస్తే సరిపోతుంది.

ఎంత చెప్పినా నగదే కావాలనేవారు ఉంటారు. అప్పుడు రసీదును వదలకూడదు. డబ్బు ఇచ్చినవారు అడిగితే పుచ్చుకున్నవారు రసీదు ఇవ్వాలని స్టాంపుల చట్టం 30వ సెక్షన్‌లో ఉంది. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పడాలి. అద్దె ఇచ్చే రోజునే ఏటీఎం నుంచి సరిగ్గా అంత డబ్బు తీసి ఇవ్వడం కొంత ఆసరా. అయితే డబ్బు తీసినట్టు రుజువవుతుందే గానీ ఇచ్చినట్టు కాదు. రసీదు ఇవ్వలేదన్న కోపంతో అద్దె ఆపేయడం మాత్రం పెద్ద పొరపాటు, ఎందుకంటే అద్దె బాకీ పడితే ఖాళీ చేయించడానికి ఓనర్ చేతికి బలమైన కారణం దొరుకుతుంది.

అద్దె బాకీ కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు, ఆ అద్దె చెల్లించాల్సిన రోజు నుంచి మూడేళ్లు. కాబట్టి ఇల్లు ఖాళీ చేసి అడ్వాన్సు తీసుకున్నాక కూడా రసీదులను, స్టేట్‌మెంట్లను కనీసం మూడేళ్లు ఉంచుకోవాలి. వాట్సాప్ మెసేజీలు ఫోను మార్చినప్పుడు పోతుంటాయి గనుక, చివరి నెలలో వాటిని ప్రింటు తీసి అగ్రిమెంటుతో కలిపి పెట్టుకోవాలి.