సగం కోసినా రాయితీ మిగలాలి

దినపత్రికలో పెట్టి పంచే కరపత్రాల్లో ఇలాంటి పేరా తరచూ కనిపిస్తుంది:

"ఎన్నో ఏళ్లుగా మీ ఆదరాభిమానాలతో దినదినాభివృద్ధి చెందుతూ, అత్యాధునిక పరికరాలతో, అనుభవజ్ఞులైన సిబ్బందితో సేవలందిస్తున్న మా ల్యాబ్, మీ సౌకర్యార్థం ఇంటివద్దకే వచ్చి రక్త నమూనాలు సేకరించే సదుపాయం కల్పిస్తోందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఉదయం 6 గంటల నుంచే మా సిబ్బంది అందుబాటులో ఉంటారు. ఈ సందర్భంగా 60 ఏళ్లు పైబడిన పెద్దలకు షుగర్, థైరాయిడ్ పరీక్షలపై ఈ నెలాఖరు వరకు 20 శాతం ప్రత్యేక రాయితీ కలదు. ఈ సదవకాశాన్ని అందరూ సద్వినియోగం చేసుకోగలరు."

ఇది నేను నమూనాగా రాసుకున్నదే. మొత్తం 54 మాటలు. ఇంటికి వస్తారన్న కబురు 16వ మాటకు గాని రాదు. అప్పటికే చాలామంది కాగితం పక్కన పడేస్తారు.

కత్తెర పట్టేముందు తీయకూడనివాటి కింద గీత గీయాలి. ఇంటికొచ్చి రక్తం తీసుకోవడం, ఉదయం 6, 60 ఏళ్లు, రెండు పరీక్షలు, 20 శాతం, గడువు. ఇక మిగతాదంతా ధైర్యంగా కొట్టేయవచ్చు. అత్యాధునిక పరికరాలని ప్రతి ల్యాబూ రాసుకుంటుంది. ఎన్ఏబీఎల్ గుర్తింపు నిజంగా ఉంటే మాత్రం ఆ ఒక్క ముక్కకూ చోటివ్వాలి.

"ల్యాబ్‌కి వచ్చి కాచుకోనక్కర్లేదు. ఉదయం 6 గంటల నుంచే మీ ఇంటికొచ్చి రక్తం తీసుకుంటాం. 60 ఏళ్లు పైబడినవారికి షుగర్, థైరాయిడ్ పరీక్షలపై 20 శాతం తగ్గింపు, మే 31 వరకు. ఈ నంబరుకు ఫోన్ చేయండి."

ఇప్పుడు 27 మాటలే. 'నెలాఖరు' తీసి తేదీ వేయడానికి కారణం ఉంది. కరపత్రం ఇంట్లో పడి ఉండి వచ్చే నెలలో కంటపడితే, ఏ నెలాఖరో ఎవరికీ తెలియదు. 'సద్వినియోగం చేసుకోగలరు' అనే వాక్యం ఏం చేయాలో చెప్పదు కాబట్టి ఆ చోట ఫోన్ మాట పెట్టాం.

ఆపకుండా కోసుకుంటూ పోతేనే ప్రమాదం. వయసు తీసేస్తే మరో రెండు మూడు మాటలు తగ్గుతాయి గానీ, 45 ఏళ్లాయన వచ్చి కౌంటర్ దగ్గర రాయితీ అడుగుతాడు. ఆయన తప్పేమీ లేదు. మొదటి వాక్యాన్ని 'పరగడుపున రానక్కర్లేదు' అని రాస్తే పదునుగానే ఉంటుంది. కానీ ఉపవాసమే అక్కర్లేదనుకుని ఎవరైనా ఇడ్లీ తినేసి కూర్చోవచ్చు. పరగడుపున చేయాల్సిన షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. కురచ చేసిన వాక్యానికి రెండో అర్థం పుడుతోందా అని చూడటం ఇక్కడ మాటల లెక్కకంటే ముఖ్యం.

అచ్చుకిచ్చేముందు ల్యాబ్‌తో సంబంధం లేని మనిషి చేత ఒక్కసారి చదివించి, కాగితం వెనక్కి తీసుకోండి. ఏమిటి, ఎవరికి, ఎప్పటిదాకా అని అడగండి. ఏ ప్రశ్న దగ్గర తడబడితే ఆ చోట కోత ఎక్కువైంది. అక్కడ ఒకటి రెండు మాటలు తిరిగి చేర్చండి, సగం దాటినా సరే.