ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్ సెషన్‌లో ఏం చూడాలి?

లినక్స్‌ను హార్డ్‌డిస్క్‌లో వేయకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడడాన్ని లైవ్ సెషన్ అంటారు. వ్యవస్థ పెన్‌డ్రైవ్ నుంచి చదువుకుంటూ కంప్యూటర్ ర్యామ్‌లో నడుస్తుంది. ఇన్‌స్టాల్ ఐకాన్ జోలికి పోకుండా, డిస్క్‌లోని ఫైళ్లను కదపకుండా ఉంటే పాత విండోస్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. లైవ్ సెషన్‌లో మార్చిన సెట్టింగులు మామూలుగా రీస్టార్ట్‌తో పోతాయి.

లినక్స్ మింట్‌నే తీసుకుంటే, దాని ఐఎస్ఓ ఫైల్‌ను రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, కాసేపటికి డెస్క్‌టాప్ వస్తుంది. ఈ కీ కొన్నింటిలో F12, కొన్నింటిలో F9 లేదా Esc.

ముందు చూడాల్సింది వై-ఫై. నెట్‌వర్క్ ఐకాన్ నొక్కితే ఇంటి రూటర్ పేరు కనిపించాలి. పేరు కనిపిస్తే సరిపోదు, కనెక్ట్ చేసి ఒక వీడియో నడిపి చూడాలి. పేర్లేవీ రాకపోతే టెర్మినల్‌లో ఈ కమాండ్ ఇవ్వాలి:

```
lspci -nnk | grep -A3 Network
```

కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఇక్కడ Broadcom BCM43142 అని వస్తుంది. దాని కింద Kernel driver in use అనే వరుస లేకపోతే, చిప్ ఉంది కానీ దాన్ని నడిపే డ్రైవర్ లేదని అర్థం. చిప్ పాడైందని కంగారు పడక్కర్లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది చూపే బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను వేసి చూడవచ్చు. అసలు ఇన్‌స్టాలేషన్ తర్వాత ఇదే పని మళ్లీ చేయాలి.

సౌండ్ సెట్టింగులలో Dummy Output ఒక్కటే కనిపిస్తే వ్యవస్థ సౌండ్ కార్డును పట్టుకోలేదన్నమాట. కార్డు పేరు కనిపించినా స్పీకర్, ఇయర్‌ఫోన్, మైక్ మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి. స్పీకర్ మోగి మైక్ మూగబోయే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి.

డిస్‌ప్లేలో రిజల్యూషన్ సరిగ్గా ఉందా, బ్రైట్‌నెస్ కీలు పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే తెర మళ్లీ వెలుగుతోందా అన్నవి చూడాలి. మొదట్లోనే తెర నల్లగా నిలిచిపోతే, బూట్ మెనూలో compatibility mode ఎంచుకోవాలి. ఆ మోడ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా పనిచేయదు కాబట్టి, అక్కడ కనిపించే తక్కువ రిజల్యూషన్‌ను బట్టి తీర్పు చెప్పకూడదు. ఎన్‌విడియా కార్డు ఉన్నచోట ఇన్‌స్టాల్ అయ్యాక వేరే డ్రైవర్ వేసుకుంటే ఫలితం మారవచ్చు.

వేగాన్ని మాత్రం లైవ్ సెషన్‌తో అంచనా వేయకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి చదవడం వల్ల ప్రోగ్రాములు ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఇన్‌స్టాల్ అయ్యాక ఆ జాప్యం తగ్గుతుంది. వై-ఫై, సౌండ్, డిస్‌ప్లే మూడూ పనిచేసినా, లేదా పనిచేయనిదానికి డ్రైవర్ దొరికినా ఇన్‌స్టాలేషన్‌కు దిగవచ్చు. లేకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ వస్తుంది.