ఖాళీ చేసిన ఇంటి అడ్వాన్సు: కోతల లెక్క కోరుతూ యజమానికి రాయవలసిన లేఖ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఆనాటి నుంచి బదిలీపై వచ్చి, కొన్నేళ్లు కిరాయి ఇంట్లో ఉండి, మళ్లీ బదిలీపై వెళ్లే ఉద్యోగుల కుటుంబాలు ఈ పట్టణాలలో పెరిగాయి. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం ఉండడం వల్ల ఈ రాకపోకలు మరింత ఎక్కువ. ఇల్లు మారే కుటుంబం కొత్త ఇంటికి అడ్వాన్సు చెల్లించవలసిన రోజులలోనే పాత ఇంటి అడ్వాన్సు చేతికి రావలసి ఉంటుంది. "రంగులకు, రిపేర్లకు సరిపోయింది" అన్న ఒక్క మాటతో అందులో అధిక భాగం ఆగిపోతే, అద్దెదారు చేయవలసిన మొదటి పని ప్రతి కోతకూ విడివిడిగా లెక్క కోరుతూ లేఖ రాయడం.

యజమాని వేటిని మినహాయించుకోవచ్చు?

అడ్వాన్సు అద్దెదారు సొమ్మే. బకాయిలకు, నష్టానికి హామీగా మాత్రమే అది యజమాని వద్ద ఉంటుంది. చెల్లించని అద్దె, ముందస్తు నోటీసు ఇవ్వకుండా వెళ్లినందువల్ల రావలసిన అద్దె, కట్టని కరెంటు బిల్లు, అద్దెదారు వల్ల జరిగిన నష్టం ఇందులో నుంచి మినహాయించదగినవి.

వివాదం సాధారణంగా చివరి అంశంపైనే వస్తుంది. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తాను చేరిన నాటి స్థితిలో తిరిగి అప్పగించాలి. అయితే సహజమైన వాడుక వల్ల కలిగే అరుగుదలకు, మానవ శక్తికి మించిన విపత్తు వల్ల కలిగే మార్పులకు ఆయన బాధ్యుడు కాడు. మూడేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం, వానాకాలపు చెమ్మకు స్నానాల గది తలుపు ఉబ్బడం, బొగ్గు లారీలు తిరిగే దారిలో బయటి గోడ నల్లబడడం అరుగుదల కిందికి వస్తాయి. పగిలిన అద్దం, పోగొట్టిన తాళం, పెద్ద మేకులు దిగగొట్టి పెచ్చులూడగొట్టిన గోడ నష్టం కిందికి వస్తాయి.

ఇదే సెక్షన్‌లో మరొక మాట కూడా ఉన్నది. ఒప్పందం గానీ, స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడే ఈ నియమం వర్తిస్తుంది. కనుక లేఖ రాసే ముందు అద్దె ఒప్పంద పత్రాన్ని పూర్తిగా చదవాలి. "ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె మినహాయించబడును" అన్న షరతు కింద అద్దెదారు సంతకం ఉంటే, ఆ కోతను కాదనడం కష్టం. అటువంటి షరతు లేకుండా "ఇక్కడ అందరూ పట్టుకుంటారు" అని మాత్రమే యజమాని చెబితే, ఆ ఆచారం ఉన్నదని చూపవలసిన బాధ్యత ఆయనదే.

ఒక ఉదాహరణ

భూపాలపల్లిలో నెలకు రూ.7,000 అద్దెకు ఉన్న ఒక ఉద్యోగి కుటుంబాన్ని ఊహించుకుందాం. మూడు నెలల అద్దె, అంటే రూ.21,000 అడ్వాన్సుగా ఇచ్చి 2022 జూన్ 1న ఆ ఇంట్లో చేరారు. మహబూబాబాద్‌కు బదిలీ కావడంతో నెల రోజుల ముందే నోటీసు ఇచ్చి, అద్దె అంతా చెల్లించి, 2025 మే 31న ఖాళీ చేశారు. యజమాని రూ.6,000 మాత్రమే తిరిగి ఇచ్చారు. మిగిలిన రూ.15,000కు లెక్క చెప్పలేదు. ఒప్పందంలో రంగుల షరతు లేదు.

ఈ అద్దెదారు రాయదగిన లేఖ ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి నమస్కరించి రాయునది.

విషయం: అడ్వాన్సు సొమ్ము తిరిగి చెల్లింపు, మినహాయింపుల వివరాలు కోరుట గురించి.

తమరి ఇంటిలో నేను 2022 జూన్ 1 నుంచి 2025 మే 31 వరకు అద్దెకు ఉన్నాను. చేరేటప్పుడు రూ.21,000 అడ్వాన్సుగా చెల్లించాను. మే నెల వరకు అద్దె పూర్తిగా చెల్లించి, మే 31న తాళాలు తమరికి అప్పగించాను. తమరు రూ.6,000 ఇచ్చారు. రూ.15,000 తమరి వద్ద ఉన్నది.

నా వల్ల రావలసినవిగా నేను అంగీకరిస్తున్నవి: చివరి కరెంటు బిల్లు రూ.620, ముందు గది కిటికీ అద్దం రూ.450, అలమర తాళం రూ.330. మొత్తం రూ.1,400. ఇది పోగా నాకు రూ.13,600 రావలసి ఉన్నది.

ఇంతకు మించి తమరు మినహాయించదలచిన పక్షంలో ప్రతి అంశానికీ ఈ వివరాలు తెలుపగోరుతున్నాను: ఏ వస్తువు లేదా ఇంటి ఏ భాగం, నేను చేరిన నాడు దాని స్థితి, ఖాళీ చేసిన నాడు దాని స్థితి, మరమ్మతుకు అయిన ఖర్చు, దాని రసీదు.

ఈ లేఖ అందిన 15 రోజులలోగా వివరాలు గానీ, మిగిలిన సొమ్ము గానీ అందజేయ ప్రార్థన. ఒప్పంద పత్రం, అడ్వాన్సు చెల్లింపు రుజువు, మీటరు రీడింగు, ఇంటి ఫోటోల ప్రతులు జతపరిచాను.

ఇట్లు, తమ విధేయుడు."

లేఖలో తాను ఇవ్వవలసినదాన్ని అద్దెదారే ముందుగా ఒప్పుకోవడం గమనించదగినది. దీనివల్ల వివాదం రూ.15,000 మొత్తం మీద గాక, అంగీకరించని అంశాల మీదకు పరిమితమవుతుంది. రేపు ఈ లేఖను న్యాయాధికారి చూసినా రాసినవారు న్యాయంగా మాట్లాడుతున్నారని తెలుస్తుంది. బెదిరింపులు, పాత మనస్పర్థలు లేఖలో ఉండరాదు. 15 రోజుల గడువు చట్టం విధించినది కాదు. గడువు ముగిసిన తరువాత తదుపరి చర్య తీసుకోవడానికి ఒక తేదీ ఉండడం కోసం దానిని పెట్టుకోవాలి.

లెక్క వచ్చిన తరువాత

యజమాని ఈ విధంగా జవాబిచ్చారనుకుందాం: రంగులకు రూ.9,000, స్నానాల గది కుళాయి, పైపులకు రూ.1,800, తలుపుకు రూ.1,600, శుభ్రం చేయించినందుకు రూ.1,200, అద్దెదారు ఒప్పుకున్నవి రూ.1,400. మొత్తం సరిగ్గా రూ.15,000. మిగిలిన సొమ్ముతో కోతల మొత్తం ఇలా రూపాయి తేడా లేకుండా సరిపోయినప్పుడు, ముందు సొమ్ము ఆపి తరువాత లెక్క రాశారా అన్న అనుమానానికి తావుంటుంది. అందుకే అంశాల వారీగా రసీదులు అడగాలి.

రంగులు వేసి మూడేళ్లు దాటిన ఇంటికి మళ్లీ రంగులు వేయించడం యజమాని ఖర్చే. అయితే పిల్లల గదిలో ఒక గోడ పెచ్చులూడినట్లు ఫోటోలో కనిపిస్తే, ఆ గోడ మరమ్మతుకు అయిన రూ.1,000 అద్దెదారు భరించడం సమంజసం. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం పరిహారం జరిగిన నష్టానికే గాని, పాత ఇంటిని కొత్తదిగా మార్చుకోవడానికి కాదు. రూ.1,800లో కుళాయి పిడి విరిగినందుకు రూ.300 అద్దెదారుది, గోడ లోపలి పైపు కారడం పాతబడినందువల్ల జరిగినది కనుక రూ.1,500 యజమానిది. చెమ్మకు ఉబ్బిన తలుపు అరుగుదలే. ఇల్లు ఊడ్చి, కడిగి అప్పగించినట్లు ఫోటోలు ఉన్నందున శుభ్రం ఖర్చు నిలవదు.

ఈ విధంగా అద్దెదారు భరించవలసినది 1,400, 1,000, 300 కలిపి రూ.2,700. తిరిగి రావలసినది రూ.12,300. ఒప్పందంలో రంగులకు నెల అద్దె షరతు ఉండి ఉంటే రూ.1,000 స్థానంలో రూ.7,000 పోయి, చేతికి రూ.6,300 మాత్రమే వచ్చేది. ఒప్పందంలోని ఒక్క వాక్యం విలువ ఇక్కడ రూ.6,000.

మరమ్మతులలో ఏవి ఎవరివన్న ప్రశ్నకు 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోని రెండవ షెడ్యూలు ఒక కొలమానంగా ఉపకరిస్తుంది. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపుల మార్పిడి, కరెంటు వైరింగు అందులో యజమాని బాధ్యతలు. కుళాయిలు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు బాధ్యతలు. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని కూడా ఆ నమూనా చెబుతున్నది. అయితే రాష్ట్ర శాసనసభ చట్టం చేస్తేనే ఈ నమూనాకు చట్టబలం వస్తుంది. కనుక లేఖలో దానిని హక్కుగా గాక, సమంజసమైన పద్ధతిగా మాత్రమే ప్రస్తావించాలి.

మున్సిపాలిటీలలో అమలులో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అడ్వాన్సును ఒక నెల అద్దెకు పరిమితం చేసినది. కానీ 2005 సవరణ తరువాత కార్పొరేషన్ల వెలుపల నెలకు రూ.2,000 మించిన అద్దె ఇళ్లకు, నిర్మాణం పూర్తయి 15 ఏళ్లు నిండని ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. పై ఉదాహరణలోని ఇంటికి దానిని ఆధారం చేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

రుజువులు, పంపే విధానం

లేఖకు బలం రుజువులతో వస్తుంది. అడ్వాన్సు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోకపోతే, యజమాని తరువాత ఇచ్చిన రూ.6,000 బ్యాంకు ఖాతా ద్వారా వచ్చినదేమో చూడాలి. అడ్వాన్సు ఉన్నదనడానికి అదీ ఒక సూచనే. ఖాళీ చేసిన నాడు ప్రతి గదికీ, కరెంటు మీటరు రీడింగుకూ తేదీ కనిపించేలా ఫోటోలు తీయాలి. తాళాలు అప్పగించినట్లు ఒక కాగితంపై సంతకం తీసుకోవడం, వీలుకాకపోతే అదే రోజు ఫోనులో సందేశం పంపడం మేలు.

2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవ స్పీడ్ పోస్టులో విలీనమైనది. అందువల్ల లేఖను స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు కోరుతూ పంపి, ఒక ప్రతిని, పోస్టాఫీసు రసీదును దగ్గర ఉంచుకోవాలి.

జవాబు రాకపోతే

గడువు దాటినా జవాబు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందు దశలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇరువర్గాలను పిలిచి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. అయితే ఇద్దరూ అంగీకరిస్తేనే రాజీ సాధ్యం. కుదరకపోతే సివిల్ కోర్టులో సొమ్ము రాబట్టే దావా వేయవలసి ఉంటుంది. దానికి మూడేళ్ల కాలపరిమితి ఉన్నది. ఫోనులో వాయిదాలు వింటూ ఆ గడువును దాటనివ్వరాదు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది సహాయం లభిస్తుంది. న్యాయ సహాయ ఫోను నంబరు 15100.

ఈ దశలన్నింటిలోనూ మొదట అడిగే కాగితం, అద్దెదారు యజమానికి రాసిన లేఖ ప్రతి.