x² = 5x దగ్గర వేలు ఆగాలంటే

టెన్త్ లెక్కలు చెప్పే ఒక మాస్టారు తన ఆన్‌లైన్ కోర్సు గురించి నలభై అయిదు సెకన్ల నిలువు వీడియో చేశారనుకుందాం. అది ఇలా మొదలవుతుంది: “హాయ్ స్టూడెంట్స్, మన ఛానల్‌కి స్వాగతం. నేను మీ లెక్కల మాస్టారిని. ఇరవై ఏళ్లుగా టెన్త్ పిల్లలకి మ్యాథ్స్ చెబుతున్నాను. ఈ రోజు మనం చాలా ముఖ్యమైన టాపిక్ చూడబోతున్నాం.” ఇంత చెప్పేసరికి దాదాపు పది సెకన్లు అయిపోతాయి. తెర మీద మాస్టారి ముఖం, వెనక ఖాళీ తెల్లబోర్డు. థంబ్‌నెయిల్ మీద “వర్గ సమీకరణాలు – అతి ముఖ్యమైన ప్రశ్నలు – ఈ ట్రిక్ తెలిస్తే 100కి 100” అని మూడు వరుసలు, మూడు రంగులు.

మాస్టారు పాఠం బాగా చెబుతారు. కోర్సు కూడా మంచిదే. ఆ సంగతి పిల్లవాడికి తెలిసే అవకాశమే ఈ వీడియో ఇవ్వలేదు.

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. యూట్యూబ్ షార్ట్స్ వరసగా తోసుకుంటూ చూసేవాళ్లకి అసలు థంబ్‌నెయిల్ కనిపించదు. వీడియో నేరుగా మొదలైపోతుంది. అక్కడ మొదటి ఫ్రేమే థంబ్‌నెయిల్. మనం రాసిన థంబ్‌నెయిల్ కనిపించేది ఛానల్ పేజీలో, వెతికినప్పుడు వచ్చే జాబితాలో. పైగా ఫోన్ యాప్‌లో షార్ట్ ఎక్కించేటప్పుడు ఆ వీడియోలోంచే ఒక ఫ్రేమును ఎంచుకుని థంబ్‌నెయిల్‌గా పెడతాం. అంటే థంబ్‌నెయిల్ మీద ఏ మాట ఉండాలనుకుంటామో ఆ మాట వీడియోలో ఎక్కడో ఒకచోట తెర మీద ఉండి తీరాలి. ఆ చోటు మొదటి సెకనే అయితే రెండు పనులూ ఒకేసారి తీరిపోతాయి. అందుకే ఈ రెండింటినీ వేర్వేరుగా ఆలోచించకూడదు. ఛానల్ పేజీలో నొక్కి వచ్చినవాడికీ, వరసలో తోసుకుంటూ వచ్చినవాడికీ ఒకే ప్రశ్న ఎదురవ్వాలి.

ఏ ప్రశ్న? దీనికి జవాబు మాస్టారి ఎర్ర పెన్నులోనే ఉంది. వర్గ సమీకరణాల పాఠం మొదలైన వారంలో ఏ తరగతి నోట్సులు దిద్దినా ఒక తప్పు తప్పకుండా కనిపిస్తుంది. x² = 5x అని ఇస్తే, పిల్లవాడు రెండు వైపులా x తో భాగించి x = 5 అని రాసి గీత గీసేస్తాడు. జవాబు తప్పు కాదు, 5 పెడితే సరిపోతుంది కూడా. కానీ 0 పెట్టినా సరిపోతుంది. x సున్నా కావచ్చు కాబట్టి దానితో భాగించే హక్కు మనకి లేదు. భాగించిన క్షణంలోనే ఒక మూలం మాయమైపోయింది. అన్నీ ఒకవైపు తెచ్చి x² − 5x = 0 అనీ, x(x − 5) = 0 అనీ రాస్తే రెండు మూలాలూ వస్తాయి: 0, 5.

వీడియో మొదలుకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ఎందుకంటే ఆ తప్పు చేసిన పిల్లవాడు తన జవాబు సరైనదేననే నమ్మకంతో ఉంటాడు. తెర మీద తన జవాబే, తను రాసినట్టే కనిపించి, పక్కన ఒక ఎర్ర ప్రశ్నార్థకం పడితే అతని వేలు ఆగుతుంది. “అతి ముఖ్యమైన ప్రశ్నలు” అన్న మాటకి ఆ బలం లేదు. అది ఏ పాఠానికైనా, ఏ తరగతికైనా అతుకుతుంది. “ట్రిక్” అన్న మాటతో ఇంకో చిక్కు ఉంది. ట్రిక్కులు వెతికేవాళ్లలో బ్యాంకు పరీక్షలకీ, గ్రూప్స్‌కీ చదివేవాళ్లు చాలామంది. వాళ్లు వచ్చి చూస్తారు, సంఖ్య పెరుగుతుంది, టెన్త్ కోర్సులో మాత్రం ఒక్కరూ చేరరు.

ఇప్పుడు థంబ్‌నెయిల్ రాద్దాం. ఫోన్‌లో ఛానల్ పేజీ తెరిస్తే షార్ట్స్ వరసకి మూడు చొప్పున కనిపిస్తాయి. ఒక్కోదాని వెడల్పు రెండు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. అందులో మూడు వరుసల తెలుగు చదవడం ఎవరి వల్లా కాదు. ఇంగ్లీషు అక్షరాలకంటే మన అక్షరాలకి ఎత్తు ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు. వరుసలు దగ్గరగా పేరిస్తే పై వరుస వత్తు కింది వరుస తలకట్టుని గుద్దుకుంటుంది. అక్షరాల చుట్టూ మందంగా నల్ల అంచు వేస్తే “ష”, “ఘ”ల్లోని సందులు మూసుకుపోయి ముద్దగా కనిపిస్తాయి. కాబట్టి వత్తులు తక్కువున్న చిన్న మాటలు ఎంచుకోవాలి. అంచుకి బదులు అక్షరాల వెనక ఒకే రంగు పట్టీ వేస్తే మేలు.

లెక్కల వీడియోకి ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. x² లో ఆ చిన్న 2 ఈ సైజులో కనబడదు. చూసేవాడికి x = 5x లాగా కనిపిస్తుంది, లెక్కే మారిపోతుంది. పుస్తకంలో అచ్చు వేసినట్టు కాకుండా, ఘాతాన్ని x లో మూడింట రెండు వంతుల సైజు ఉండేలా పెద్దగా రాయాలి. బోర్డు మీద రాసేటప్పుడూ అంతే.

చివరికి మాస్టారి థంబ్‌నెయిల్లో మిగలాల్సింది ఇది: పైన పెద్దగా x² = 5x, దాని కింద పిల్లవాడి చేతిరాతలో x = 5, కింద పట్టీలో “ఇంకో జవాబు ఏది?” మూలన చిన్నగా “టెన్త్”. సమీకరణాలు పక్కన పెడితే మాటలు నాలుగే. “సగం మార్కులు పోయాయి!” అని రాస్తే ఇంకా గట్టిగా తగులుతుందని వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడికి అనిపించవచ్చు. నేనైతే వద్దంటాను. ఎన్ని మార్కులు తగ్గుతాయనేది ఆ ప్రశ్నకి ఎన్ని మార్కులు, దిద్దేవారికి ఇచ్చిన సూచన ఏమిటి అన్నదాన్ని బట్టి ఉంటుంది. లెక్కల మాస్టారు ఒక రుజువు లేని మాటతో పరిచయం కావడం బాగుండదు. రెండో జవాబు ఉందన్నది మాత్రం ఎవరూ కాదనలేని నిజం.

“100కి 100” సంగతి ఇంకా తీవ్రమైనది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనలకి మార్గదర్శకాలు తెచ్చింది. మార్కులకీ, ఎంపికకీ గ్యారంటీ ఇవ్వడం, లేని తొందర పుట్టించడం, విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని పేరూ ఫొటో వాడుకోవడం ఇవన్నీ అందులో నిషేధించారు. “ఇంకా మూడు సీట్లే” అని ఆన్‌లైన్ కోర్సుకి రాయడం కూడా ఆ లేని తొందరలోకే వస్తుంది.

ఇక మొదటి సెకన్లు. మామూలు వేగంతో తెలుగు మాట్లాడితే మూడు సెకన్లలో ఏడెనిమిది మాటలు పడతాయి. ఆ ఏడెనిమిదిలో పలకరింపుకి చోటు లేదు. ఎడిటింగ్ కుర్రాడు మాస్టారి పాత విద్యార్థే అనుకుంటే సంభాషణ ఇలా సాగుతుంది.

“పేరు చెప్పకుండా ఎలారా మొదలుపెట్టడం? మర్యాద కాదు కదా.”

“పేరు కింద ఛానల్ దగ్గర కనిపిస్తూనే ఉంటుంది మాస్టారూ. మీరు ముందు ఆ 5 చుట్టూ సున్నా చుట్టండి. మిగతావి తర్వాత చెబుదురుగాని.”

సున్నా సెకను దగ్గర తెర మీద కాగితం, దాని మీద అప్పటికే రాసి ఉన్న x² = 5x, x = 5. ఎర్ర పెన్ను పట్టుకున్న చెయ్యి కదులుతూ ఉండాలి, అప్పుడే రావడం మొదలవ్వకూడదు. “ఈ జవాబు తప్పు కాదు. కానీ సగమే ఉంది.” మూడో సెకనుకి పెన్ను 5 పక్కన ప్రశ్నార్థకం వేస్తుంది. “రెండు వైపులా x తో కొట్టేశావు కదా, అక్కడే ఒకటి పోయింది.” ఇది ఆరేడు సెకన్లకి. ఆ తర్వాత సున్నా పెట్టి సరిచూడటం, x ని బయటికి తీసి రాయడం. మాస్టారి ముఖం ఇరవయ్యో సెకను దగ్గర వచ్చినా నష్టం లేదు. ఫోన్ శబ్దం ఆపి చూసేవాళ్ల కోసం ఆ మొదటి వాక్యం తెర మీద అక్షరాల్లో కూడా ఉండాలి. అయితే మధ్యలోనే ఉండాలి, ఎందుకంటే కుడి అంచున లైకు, కామెంటు గుర్తులూ, కింద శీర్షిక, ఛానల్ పేరూ వచ్చి కూర్చుంటాయి. కిందికంటా రాసిన x(x − 5) = 0 వాటి వెనక దాక్కుంటుంది.

తెర మీద చెప్పిన ప్రశ్నకి జవాబు ఈ వీడియోలోనే పూర్తిగా దొరకాలి. రెండో మూలం కోర్సులో చెబుతాం అని దాచిపెడితే పిల్లవాడు మోసపోయాననుకుంటాడు, అది న్యాయమే. కోర్సుకి దారి వేరే ఉంది: “ఇలా భాగించకూడని చోట్లు ఈ పాఠంలో ఇంకా ఉన్నాయి, అవన్నీ పెద్ద వీడియోలో చేశాను.” షార్ట్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోకుండా 2023 ఆగస్టు చివరి నుంచి యూట్యూబ్ ఆపేసింది. కాబట్టి “లింకు కింద ఉంది” అని చెబితే అక్కడ పనికొచ్చేదేమీ ఉండదు. షార్ట్‌కి ఒక సంబంధిత వీడియోని జతచేసే సదుపాయం ఉంది, పాఠం మొత్తం ఉన్న పెద్ద వీడియోని దానికి కలపాలి. ఫీజు కట్టే అమ్మానాన్నలు చూసేది ఆ పెద్ద వీడియోనే. కోర్సు వివరాలు, ఫీజు, ఎన్ని క్లాసులు అన్నవన్నీ అక్కడే శాంతంగా చెప్పుకోవచ్చు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? పైకి కనిపించే వ్యూస్ చూసి మురిసిపోవద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, యూట్యూబ్ ఒక వ్యూగా లెక్కేస్తోంది. యూట్యూబ్ స్టూడియోలో ఎంత శాతం ఆగి చూశారో, ఎంత శాతం తోసేసి వెళ్లారో విడిగా ఉంటుంది. చూడాల్సింది అదీ, దాని తర్వాత సెకను సెకనుకీ ఎంతమంది మిగిలారో చూపే గీతా. తోసేసినవాళ్లే ఎక్కువైతే జబ్బు మొదటి ఫ్రేములో ఉంది: అంకెలు చిన్నవి, లేదా బోర్డు ఖాళీగా ఉంది, లేదా ప్రశ్న వేరే తరగతివాళ్లది. ఆగినవాళ్లు బాగానే ఉండి గీత నాలుగైదు సెకన్ల దగ్గర కూలిపోతే, అడిగిన ప్రశ్నని వదిలేసి మాస్టారు అక్కడేదో పరిచయంలోకి దిగి ఉంటారు. గీత చివర్లో మళ్లీ పైకి లేస్తే పిల్లలు వెనక్కి వెళ్లి ఆ మెట్టు రెండోసారి చూశారని అర్థం, అది లెక్కల వీడియోలకి మంచి గుర్తు. ఒక్క వీడియోతో తీర్పు చెప్పలేం. అదే పాఠం మీద మొదలు మాత్రం మార్చి నాలుగైదు చేశాకే తేడా నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

ఆ నాలుగైదుకి సరుకు మళ్లీ నోట్సుల్లోనే ఉంది. √(9 + 16) ని 3 + 4 గా విడదీసి 7 అని రాసిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ 7 ని మొదటి ఫ్రేములో పెట్టి, పక్కన మాస్టారి పెన్ను √25 అని రాయడం మొదలుపెడితే రెండో వీడియో సిద్ధం.